ఉత్త చేతులతో చెప్పాల్సిన కబురు

ఆ రోజు నేను చేసిన తప్పు రెండే రెండు మాటలు. "నేదురా, రానేదు" అన్నాను. రాలేదన్న ఆ కాగితం అప్పుడు నా చొక్కా జేబులోనే ఉంది. మూడు మడతల్లో, నేను ఊపిరి పీల్చినప్పుడల్లా చిన్నగా చప్పుడు చేస్తూ ఉంది. అడిగినవాడు సింహాద్రి. నా స్నేహితులందరిలోకీ అబద్ధం చెప్పకూడనివాడు వాడే. ఎందుకంటే ఏం చెప్పినా నమ్మేసేవాడు. మిగతావాళ్ళకు అబద్ధం చెబితే సగం పట్టుకునేవారు, ఆ సగం పాపం తగ్గేది.

ఇన్నేళ్ళ తర్వాత ఇది ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా మనవరాలు నీలిమ ఒడిశాలో ఉన్న ఈ బరంపురం వచ్చింది. దానికి ఉద్యోగం వచ్చింది. దానితో ఒకే గదిలో ఉండి, ఒకే పుస్తకాలు చదివి, ఒకే పరీక్ష రాసిన స్నేహితురాలికి రాలేదు. ఆ పిల్లకు చెప్పడానికని నీలిమ ఫోన్‌లో పొడుగాటి సందేశం రాసి, రెండు రోజులుగా పంపకుండా దాచుకుని, చివరికి నాకు చూపించింది. అందులో నాలుగు చోట్ల క్షమాపణలున్నాయి. "అసలు ఇది నాకు రావాల్సింది కాదు, నీకే రావాలి" అని ఉంది. "నీకు దీనికన్నా పెద్దది రాసిపెట్టి ఉంది" అని ఉంది. ఉద్యోగం వచ్చిందన్న మాట ఎక్కడుందా అని వెతికితే, అట్టడుగున, కళ్ళద్దాలు సర్దుకుంటే గాని కనబడనంత నక్కి కూర్చుంది. నాకు నవ్వొచ్చింది. అది ఉడుక్కుంది. నేను నవ్వింది దాన్ని చూసి కాదు. అరచేతిలో వెలుగుతున్న ఆ సందేశంలో ఇరవై రెండేళ్ళ నన్ను చూసుకుని నవ్వాను.

అప్పుడు మా ఇల్లు నేతగాళ్ళ వీధి మొదట్లో ఉండేది. ముందు గది నాన్నగారి దుకాణం, వెనక మూడు గదులూ పెరడూ మేమూ. నాన్నగారు అమ్మేది అప్పడాలు, వడియాలు, ఊరగాయలు. చేసేది నాయనమ్మ, అమ్మ, పిన్ని. తెల్లవారుతుండగానే వీధిలో మగ్గాల చప్పుడు మొదలయ్యేది, మా ఇంట్లో రోకలి చప్పుడు మొదలయ్యేది. మినప్పిండిలో ఇంగువ, మిరియాలు వేసి ముద్ద కలిపి, నూనె చేతులతో తిప్పుతూ దంచేవారు. ఆ వాసన మా బట్టలకు, పుస్తకాలకు, దిండ్లకు కూడా పట్టి ఉండేది. కాలేజీలో కళ్ళు మూసుకుని నన్ను గుర్తు పట్టేవారు. దంచిన పిండిని నాయనమ్మ తాడులా సాగదీసేది. దారం ఒక కొస కాలి బొటనవేలికి చుట్టుకుని, రెండో కొస చేత్తో పట్టుకుని, ఆ పిండితాడును తుంచుతూ పోయేది. ఒక్క ఉండ పెద్దది కాదు, ఒక్క ఉండ చిన్నది కాదు. ఆవిడ ముఖ్యమైన మాటలన్నీ ఆ పనిలోనే చెప్పేది. ఎదుటివాడి ముఖం చూసేది కాదు. చిన్నప్పుడు అది అలవాటనుకున్నాను. మర్యాద అని చాలా ఆలస్యంగా తెలిసింది.

సింహాద్రిది ఆంధ్రా సరిహద్దు దగ్గర పల్లె. ఇంటికి పెద్దకొడుకు. చదువు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి బరంపురంలో ఉన్న వాళ్ళ అప్ప, అంటే అక్క, ఇంట్లో దిగాడు. ఒక గదీ, ఒక వరండా ఉన్న ఇల్లు. వరండా వీడిది. అప్ప మంచిదే. బావ కూడా చెడ్డవాడు కాదు గాని, బట్టల కొట్లో పొద్దంతా నిలబడి, పరిచిన చీరలన్నీ మళ్ళీ మడతపెట్టి వచ్చే మనిషి. ఇంటికొచ్చేసరికి నోట్లో మిగిలేది ఎత్తిపొడుపే. "మా బావమరిదికి పోస్టాఫీసులో ఉజ్జోగం. జీతం నేదు గానీ డూటీకి మాత్రం ఒక్కరోజు తప్పడు" అని వీధిలో అందరికీ చెప్పేవాడు. ఆ మాటలో అబద్ధం కూడా లేదు. రోజూ పొద్దున్న టైపు నేర్చుకునే చోట ఒకే మిషన్ మీద నేను అరగంట, వాడు అరగంట కొట్టి, వేళ్ళకు రిబ్బను మసి తుడుచుకుంటూ ఇద్దరం పోస్టాఫీసుకు నడిచేవాళ్ళం. పోస్టుమ్యాన్లు సంచులు విప్పి ఉత్తరాలు వేరు చేసుకుని బయటికొచ్చే వేళకు గుమ్మం దగ్గర ఉండాలి. మా వీధి పోస్టుమ్యాన్ బెహరా బాబు, ఒడియా మనిషి. మమ్మల్ని చూడగానే దూరం నుంచే తల అడ్డంగా ఊపేవాడు. ఆ ఊపు చూసి, టీ తాగి, ఇంటికి పోవడం మా దినచర్య.

మేం ఎదురు చూస్తున్నది ఛత్రపూర్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగం కోసం. ఇద్దరం రాత పరీక్ష రాశాం, ఇద్దరం టైపు పరీక్షకు వెళ్ళాం, ఇద్దరం ఇంటర్వ్యూలో చెమటలు కక్కాం. సింహాద్రి లెక్కల్లో నాకన్నా గట్టివాడు. ఒడియా మాట్లాడితే బెహరా బాబే ఒడియావాడే అనుకుని "మీది ఏ ఊరు?" అని అడిగేంత బాగా మాట్లాడేవాడు. రాయడం దగ్గర మాత్రం ఇబ్బంది పడేవాడు. పల్లెలో తెలుగు బడిలో చదివినవాడు, ఒడియా అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నాడు. ఒడియా వ్యాసంలో సగం పేజీయే నింపగలిగానని పరీక్ష నుంచి బయటికొచ్చిన రోజే చెప్పాడు. నేను రెండున్నర పేజీలు రాశానని వాడికి చెప్పలేదు. దాచడం అప్పటికే మొదలుపెట్టానన్నమాట.

ఆ రోజుల్లో ఒక పద్ధతి ఉండేది, ఇప్పుడూ పెద్దగా మారలేదంటారు. ఎంపికైనవాడికి రిజిస్టరు ఉత్తరం వచ్చేది. కానివాడికి ఏమీ వచ్చేది కాదు. మీకు రాలేదని ఎవరూ రాసేవారు కారు. కాబట్టి కానివాడు తనకు కాలేదని తెలుసుకోవడానికి ఒకటే దారి, అయినవాడు చెప్పాలి. ఈ ఒక్క సంగతి అప్పుడు నా బుర్రకు తట్టి ఉంటే ఈ కథే లేదు.

నా ఉత్తరం పొద్దుటి బట్వాడాలో రాలేదు, మధ్యాహ్నం బట్వాడాలో వచ్చింది. నేను పిన్నికి సాయంగా అప్పడాలు ఎండలోంచి తీస్తున్నాను. "భల ఖబర్, బాబూ!" అని, మంచి కబురే అంటూ బెహరా బాబు సైకిలు దిగాడు. నూనె చేత్తోనే సంతకం పెట్టాను. కవరు మీద నా బొటనవేలి ముద్ర పడింది. ఆ కవరు ఇప్పటికీ నా దగ్గరుంది, ఆ మరక పసుపురంగుకు తిరిగి అలాగే ఉంది. అమ్మ ఏడ్చింది, పిన్ని నవ్వింది, నాన్నగారు దుకాణంలోంచి లేచొచ్చి కాగితం తలకిందులుగా పట్టుకుని చదివారు. "వీధంతా మిఠాయి పంచుదాం" అన్నారు. ఆ మాటకు నాకు సింహాద్రి గుర్తొచ్చాడు. "ఒద్దు నాన్నా, ఎవరికీ చెప్పొద్దు" అన్నాను. మిఠాయి కోసం నిలబడ్డ బెహరా బాబును పక్కకు తీసుకెళ్ళి, ఈ సంగతి సింహాద్రికి చెప్పొద్దని బతిమాలి, ఒక కట్ట అప్పడాలు చేతిలో పెట్టాను. ఆయన వాటిని చూసి, నన్ను చూసి, "హఉ, హఉ" అన్నాడు. సరేనన్నాడు గాని ముఖంలో మెచ్చుకోలు లేదు.

సాయంత్రం సింహాద్రి వచ్చాడు. చెప్పు తెగితే చేత్తో పట్టుకుని వచ్చాడు. "బావ ఈ పూట కొత్త పాట అందుకున్నాడురా. నెలాఖరుకి వరండా కాళీ చెయ్యాలట, కుర్చీ కొంటాడట. నాకంటే కుర్చీ నయమట, తిండి తినదు" అని తనే నవ్వాడు. నవ్వి, "మద్దేనం ఏటైనా ఒచ్చిందేటిరా?" అన్నాడు. అప్పుడే నేను ఆ రెండు మాటలూ అన్నది.

వాడి మనసు కష్టపెట్టకూడదని అన్నానని అప్పుడు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. నిజం అది కాదు. వాడి ముఖం ఎలా మారుతుందో చూసే ధైర్యం నాకు లేదు. ఇంకో చిన్న నిజం కూడా ఉంది, రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తాను. స్నేహితుడి కోసం తన సంతోషాన్ని దాచుకున్న గొప్పవాడినన్న భావం నాకు తియ్యగా ఉండింది. మిఠాయి పంచకుండానే నేనొక్కడినే తిన్నాను.

తర్వాత నాలుగు రోజులు మా ఇల్లు నాటకం కంపెనీలా నడిచింది. నాన్నగారికి రహస్యం దాచడం అలవాటు లేదు. పొద్దుటి నుంచి దుకాణంలో పెదవులు బిగించుకుని, కళ్ళతో నవ్వుతూ కూర్చునేవారు. "ఏటి పెద్దబావూ, పన్ను నొప్పా?" అని అడిగి వెళ్ళేవాళ్ళు కొనడానికి వచ్చినవాళ్ళు. సింహాద్రి గుమ్మంలో కనబడగానే పిన్ని మాట మధ్యలో ఆపి వంటింట్లోకి పరుగెత్తేది. నేను మాత్రం మునుపటిలాగే పొద్దున్నే వాడితో పోస్టాఫీసుకు వెళ్ళి, గుమ్మం దగ్గర ఎదురు చూస్తున్నట్టు నిలబడ్డాను. బెహరా బాబు తల అడ్డంగా ఊపుతూ నా వంక చూడకుండా పోయేవాడు. టీకొట్టు దగ్గర సింహాద్రి, "దిగులు పడకురా, ఒచ్చీస్తాది" అని నా వీపు తట్టేవాడు. దాని కంటే వాడు నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

అయిదో రోజు సాయంత్రం వాడు ఉత్సాహంగా వచ్చాడు. "సూరీ, ఓ పని సేసినానురా. భంజనగర్ షావుకారు తెల్సు కదా, మా బావకి ఎరిక, సింతపండు టోకు వ్యాపారం. గుమస్తాగా ఒస్తావా, రేపటిలోగా సెప్పమని కబురెట్టినాడు. రానని ఇందాకే పోస్టు కార్డు రాసి పడీసినాను."

"అదేటి! ఎందుకురా?" అన్నాను.

"ఎందుకేటి? ఒకేళ తీస్తే నిన్నే ముందు తియ్యాల. నువ్వు నాకంటే బాగా రాసినావు. నీకే రానేదంటే ఇంకా ఎవులికీ పంపనేదన్నమాట. నీకొచ్చి నాకు రాకపోతే అప్పుడనుకుందుము. ఇప్పుడే ఎల్లిపోయి, ఎనకాల ఆర్డరొస్తే?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "బావకి సెప్పినాను. పెట్టె సర్దుకోమన్నాడు. శనివారం దాకా అప్ప గడువడిగింది" అన్నాడు.

వాడు వెళ్ళాక పెరట్లో నాయనమ్మ దగ్గర కూలబడ్డాను. ఆవిడ పిండితాడు తుంచుతూనే ఉంది. నేను చెప్పిందంతా విన్నది.

"మరి సెప్పీలేకపోయావా?" అంది.

"ఎలా సెప్పనే? వాడలాగ ఉంటే."

"సెప్తే ఏడుస్తాడని సెప్పనేదు. సెప్పనందుకు వాడికి కూడూ గూడూ పోతన్నాది. ఇదేటి దయరా బావూ?" దారం లాగింది, ఉండ తెగిపడింది. "మీ అత్తకి పెద్దకొడుకు పుట్టినప్పుడు, మన పక్కింటి తవిటమ్మకి బిడ్డ పోయి నెల కూడా అవనేదు. మీ తాత పళ్ళెంలో మిఠాయి పెట్టి పట్టుకెళ్ళమన్నాడు. నానొల్లనన్నాను. మిఠాయి పట్టుకెల్తే అది నోట్లో ఎట్టుకోవాల, నవ్వాల, మంచిదనాల. అన్ని పనులు దానికెందుకు పెట్టడం? ఉత్త సేతుల్తో ఎల్లినాను. దొడ్డిదారిని ఎల్లినాను. వీధిలో ఎవులూ కూయకముందే ఎల్లినాను. 'తవిటీ, మా పిల్లకి మగబిడ్డ పుట్టినాడు, ఇంకెవులి నోటో నువ్వు ఇనకూడదని నానే ఒచ్చినాను' అన్నాను. అంతే. నీకూ పుడతాడులే అన్నేదు. దేవుడున్నాడన్నేదు. అది నూలు సుడుతున్నాది. కాసేపు నానూ సుట్టి ఒచ్చీసినాను. బారసాలకి పిలిచి, 'రావాలనిపిస్తే రా, రాకపోతే నాకేటీ అనిపించదు' అన్నాను."

"వచ్చిందా?"

"రానేదు. మూడో నెల్లో తనే ఒచ్చి పిల్లోణ్ణెత్తుకుంది. మిఠాయి ఏదని అప్పుడడిగింది." నాయనమ్మ తల ఎత్తింది. పనిలో ఉండగా ఆవిడ తల ఎత్తడం అరుదు. "మిఠాయికి తొందర నేదురా. అడిగినోడికి అబద్దం సెప్పకుండా ఉండాల, అంతే."

మర్నాడు పొద్దున్న వాళ్ళ అప్ప ఇంటి సందు చివర నిలబడ్డాను. ఇంట్లోకి వెళ్ళలేదు, బావ ముందు చెప్పే మాట కాదది. టైపు దగ్గరకూ పోనివ్వలేదు, అక్కడ పదిమంది ఉంటారు. పోస్టాఫీసు దాకా ఆగలేదు, వాడు మళ్ళీ ఆ గుమ్మంలో ఆశగా నిలబడటానికి ముందే చెప్పాలి. వాడు రాగానే పక్కన నడవడం మొదలుపెట్టాను. పక్కపక్కన నడుస్తుంటే ముఖాలు చూసుకోనక్కర్లేదు, వాడి ముఖం వాడి ఇష్టం. రాత్రంతా కూర్చిన పెద్ద పెద్ద వాక్యాలు ఒక్కటీ గుర్తు రాలేదు, అదీ మంచికే.

"సింహాద్రీ, నాకు ఆర్డరొచ్చింది. ఆరు రోజులయింది. నువ్వడిగిన రోజు జేబులోనే ఉంది. నీకు అబద్ధం చెప్పాను" అన్నాను.

వాడు నడుస్తూనే ఉన్నాడు. రెండు ఇళ్ళు దాటాం. మగ్గాల చప్పుడు అటూ ఇటూ వినబడుతోంది. నా నాలుక మీద "నీకూ వస్తుందిలే" అన్న మాట నాలుగైదుసార్లు తయారైంది, ప్రతిసారీ మింగేశాను.

"ఆరు రోజులు?" అన్నాడు చివరికి. "ఆరు రోజులు నన్ను పోస్టాఫీసు గుమ్మంకాడ కాపలా పెట్టినావా?"

"అవును."

"నీ వీపు తట్టినానురా నాను. టీ తాగించినాను."

"అవును."

వాడు ఆగిపోయాడు. "నీకొచ్చిందంటే నాకు ఏడుపొస్తాదనుకున్నావా? ఒచ్చునేమో. ఒస్తే ఆ ఏడుపు నాదిరా. దాన్ని ఆపడానికి నువ్వెవుడివి? మొన్న సెప్పుంటే మొన్నే ఏడిసేసి, నిన్న భంజనగర్ బస్సెక్కుదును!" అని, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. నేను వెంటపడలేదు. చాలా కష్టపడి వెంటపడలేదు.

ఇంటికొచ్చి, అప్పటికప్పుడు భంజనగర్ వెళ్ళి షావుకారు కాళ్ళు పట్టుకోవాలని సంచి తీశాను. నాయనమ్మ గుమ్మంలో అడ్డుపడింది. "ఎల్తన్నట్టు వాడికి సెప్పినావా?" అంది. లేదన్నాను. "మళ్ళీ దొంగపనేనా?" అంది. సంచి మళ్ళీ మేకుకు తగిలించాను. సాయంత్రం దాకా ఆగి సింహాద్రి వరండా దగ్గరకు వెళ్ళాను. నెల రోజులుగా ఊడి ఉన్న పెట్టె మూతను మేకులు కొట్టి బాగుచేసుకుంటున్నాడు.

"నువ్వు ఒద్దంటే ఎల్లను. ఒప్పుకుంటే భంజనగర్ వెళ్ళి, తప్పు నాదని షావుకారికి చెప్తాను" అన్నాను.

మేకు మీద రెండు దెబ్బలు వేశాడు. "ఏడవకుండా సెప్పగలవా?"

"ప్రయత్నిస్తాను."

"నీ మొకం. నువ్వు సగం సెప్పి సగం దాసీస్తావు. నానూ ఒస్తాను" అన్నాడు.

మర్నాటి మొదటి బస్సు ఎక్కాం. హింజిలి దాటేదాకా వాడు కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. ఆస్కా దగ్గర ఋషికుల్య వంతెన మీద, చెరకు బండి అడ్డం పడి బస్సు ఆగిపోయింది. పక్క సీట్లో ముసలమ్మ ఒళ్ళోని కోడిపుంజు తాడు తెంపుకుని సరాసరి సింహాద్రి తల మీద వాలింది. వాడు కదలకుండా కూర్చుని, "సూడ్రా, నాకూ కిరీటం పెట్టినారు. గవర్నమెంటు కాదు గానీ, ఏదో ఒకటి" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను నవ్వాలో లేదో తెలియక వాడి వంక చూశాను. "నవ్వొచ్చురా. పర్మిషనిచ్చినాను" అన్నాడు.

షావుకారు కొట్టులో అడుగు పెడితేనే పళ్ళు పులిశాయి. పైకప్పు దాకా చింతపండు గోనెలు, మధ్యలో పట్టెమంచం మీద ఆయన. తెలుగువారే, మూడు తరాలుగా అక్కడ ఉన్నవారు. నేను నిలబడి చెప్పాను. "అయ్యా, ఇతను ఒద్దని కార్డు రాసింది నా వల్లనండి. నాకు ఉద్యోగం వచ్చి కూడా రాలేదని అబద్ధం చెప్పాను. దాన్ని నమ్మి మీ మాట కాదన్నాడు. ఇతని తప్పు లేదండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "ఉజ్జోగం రాకపోయినా ఒచ్చిందని సెప్పుకు తిరిగినోళ్ళని బోల్డు మందిని సూసినాను. ఒచ్చింది దాసీసినోణ్ణి ఇదే సూడ్డం. మీ ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా నాయనా?" అన్నారు. గోనెలు కుట్టేవాళ్ళు కిసుక్కుమన్నారు. తర్వాత సింహాద్రి వైపు తిరిగి, "కార్డు నిన్న అందింది. నిన్ననే మా తోడల్లుడి కొడుకుని కూకోబెట్టీసినాను" అన్నారు.

నేను ఇంకా బతిమాలబోయాను. సింహాద్రి మాత్రం దండం పెట్టి, "మీ తప్పేటి బావూ. ఒచ్చి మొకం సూపించి సెప్పాలని ఒచ్చినాను" అని వెనుదిరిగాడు. గుమ్మం దాటబోతుంటే ఆయన ఒడియాలో ఏదో అడిగారు. వీడు అంతే గలగలా జవాబిచ్చాడు.

"ఒడియా ఇంత బాగా మాటాడతన్నావు, మరి ఆ ఉజ్జోగం ఎందుకు రానేదు?"

"రాయడం రాదు బావూ. వ్యాసం సగంలో ఆగిపోనాది."

"సింతపండుకి వ్యాసం ఎవుడు రాయమన్నాడ్రా?" అన్నారాయన. కొట్లో కూర్చునే పని పోయింది గాని, కొండ పల్లెల సంతలకు వెళ్ళి సరుకు చూసి బేరమాడి తెచ్చే మనిషి కావాలన్నారు. చింతపండు రోజులు అయ్యేదాకానే పని. పడక గోదాంలో. కొట్టులో కుర్చీ కంటే చాలా తక్కువ ఉద్యోగం. అది నా వల్ల తక్కువైంది, ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. సింహాద్రి ఒక్క క్షణం గోనెల వంక చూసి, "ఎప్పుడు రమ్మంటారు?" అన్నాడు.

చింతపండు రోజులు అయిపోయినా షావుకారు వాణ్ణి వదల్లేదు. వాడు కొండలూ సంతలూ తిరిగి, పోనుపోను తన పేరున కొట్టు పెట్టాడు. ఇప్పుడు మోకాళ్ళు నొప్పులంటాడు, ఫోన్‌లో నన్ను ఇంకా "పోస్టాఫీసూ" అని పిలుస్తాడు. మొన్న నీలిమకు ఈ కథంతా చెప్పాక అది సందేశాన్ని చెరిపేసి, మూడు ముక్కలు రాసుకుంది. "నాకు వచ్చింది. వేరేవాళ్ళు చెప్పకముందు నేనే చెప్పాలనుకున్నాను. మాట్లాడాలనిపించినప్పుడు మాట్లాడు, తొందర లేదు." కబురు చేరడానికి మా రోజుల్లో పట్టిన సమయం ఇప్పుడు పట్టదు. రిజిస్టరు కవరు, సైకిలు, నూనె మరక ఏవీ అక్కర్లేదు. వేలు తాకితే ఊరంతా తెలుస్తుంది. చెప్పడానికి ముందు జంకు మాత్రం అలాగే ఉంది, అందుకు సంతోషించాను. అది కూడా పోతే స్నేహాల్లో ఏం మిగులుతుంది?

నేను దిద్దుకున్న చివరి ముక్క చెప్పి ఆపుతాను. ఉద్యోగంలో చేరడానికి నాకు గడువు ఇంకా కొన్నాళ్ళుంది. నాన్నగారు మంచి రోజు చూసి వెంటనే చేరమన్నారు. నేను సింహాద్రి దగ్గరకు వెళ్ళి, "నువ్వు భంజనగర్ వెళ్ళాకే నేను ఛత్రపూర్ వెళ్తాను. నన్ను సాగనంపి నువ్వు ఒక్కడివే మిగలకూడదని. ముందే చెప్తున్నాను, దాచడం లేదు" అన్నాను. వాడు పకపకా నవ్వి, "నేర్సుకున్నావురా!" అన్నాడు.

వాడు వెళ్ళే రోజు వాడి పెట్టె నేనే మోసుకెళ్ళి, బస్సు టాపు మీదకెక్కి కట్టాను. వాళ్ళ అప్ప కన్నీళ్ళు పెట్టుకుంది. బావ కొట్లోంచి కొత్త తువ్వాలు తెచ్చి, ఈసారి ఎత్తిపొడుపు లేకుండా వాడి భుజం మీద వేశాడు. నేను దిగి కిటికీ దగ్గర నిలబడ్డాను, ఉత్త చేతులతో. డ్రైవరు ఎక్కాడు. సింహాద్రి కిటికీలోంచి తల బయటపెట్టి, బస్టాండంతా వినబడేలా అరిచాడు. "ఒరే సూరీ! గవర్నమెంటు ఉజ్జోగమొచ్చింది నీకు! మిఠాయి ఏదిరా?"

అంతవరకూ వాడు అడగలేదు. నేను పరుగెత్తాను. ఎదురుగా ఉన్న మిఠాయి కొట్లో చేతికందింది ఆకులో కట్టించుకుని వెనక్కి తిరిగేసరికి బస్సు కదిలింది. చెప్పులు వదిలేసి, పంచె ఎగ్గట్టి, బస్టాండు మలుపు దాకా బస్సు పక్కనే పరుగెత్తి, ఆ పొట్లాన్ని కిటికీలోకి విసిరాను. సగం వాడి ఒళ్ళో పడింది, సగం పక్కాయన నెత్తిన పడింది. పాకం కారుతున్న చేత్తో వాడు చాలా దూరం దాకా టాటా చెబుతూనే ఉన్నాడు.